మీటరు పట్టీ, 66 సెంటీమీటర్ల దారం: చివర వేలాడే కడ్డీ ఆవర్తన కాలం ఇంట్లో కొలవడం ఎలా?

ఇంటర్ పిల్లలకు రొటేషన్ చాప్టర్ అయ్యేసరికి ఏటా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "సార్, కడ్డీ పొడవు మీటరు. గరిమనాభి సరిగ్గా మధ్యలో, యాభై దగ్గర ఉంది. మరి దానికి సమానమైన లఘులోలకం పొడవు వందా కాదు, యాభయ్యీ కాదు. మధ్యలో ఈ మూడింట రెండు వంతులు ఎక్కడి నుంచి ఊడిపడింది?" బోర్డు మీద సాధించి చూపిస్తే అందరూ తలూపుతారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. అందుకే ఇప్పుడు బోర్డు వదిలేసి, ఇంట్లో ఒక ఇనుప పట్టీ వేలాడదీయమంటున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది.

లెక్క ఎంత కావాలో అంతే చెబుతాను. ఏ వస్తువునైనా ఒక బిందువు దగ్గర వేలాడదీసి కొంచెం ఊపితే దాని ఆవర్తన కాలం ఇది:

```
T = 2π√( I / (M g d) )
```

ఇందులో `I` అంటే వేలాడే బిందువు చుట్టూ జడత్వ భ్రామకం. `d` అంటే ఆ బిందువు నుంచి గరిమనాభికి ఉన్న దూరం. లఘులోలకం సూత్రం `T = 2π√(l/g)` కదా. రెండూ పక్కపక్కన పెడితే `l` ఉన్న చోట `I/(Md)` కనిపిస్తుంది. అదే సమాన లఘులోలకం పొడవు. ఒకే మందంతో ఉన్న కడ్డీని సరిగ్గా చివర వేలాడదీస్తే `I = ML²/3`, `d = L/2` కాబట్టి `l = 2L/3`. మీటరు కడ్డీకి 66.7 సెంటీమీటర్లు.

అయితే సరిగ్గా చివరి అంచున ఎవరూ వేలాడదీయలేరు. రంధ్రం కాస్త లోపలికి వేయాల్సిందే. అందుకని మనకు పనికొచ్చే రూపం ఇది:

```
l = d + L²/(12 d)
```

దీన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఏమేం కావాలి

ఎంఎస్ ఫ్లాట్, అంటే ఇనుప పట్టీ. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవు. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల దాకా వెళ్ళాల్సిన పని లేదు, మీ వీధి చివర వెల్డింగ్ షాపులో తునక దొరుకుతుంది. బరువు కిలోకి ఒక పిసరు తక్కువ తూగుతుంది. వంగిన తునక మాత్రం తీసుకోకండి. నేల మీద పెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూసి తెచ్చుకోండి.

రంపానికి పదును పెట్టే ముక్కోణపు ఆకురాయి ఒకటి. పట్టీ దీని అంచు మీద ఊగుతుంది. ఇంకా టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, కుట్టుమిషన్ నూలు దారం, ఒక బరువైన నట్టు, ఆకురాయిని కదలకుండా పట్టే సీ-క్లాంప్, చివరగా వంద గ్రాముల చపాతీ పిండి. పిండి ఎందుకో తర్వాత చెబుతాను.

పట్టీ దొరకకపోతే చెక్క మీటరు స్కేలుతోనూ చేయొచ్చు. తేలిక కాబట్టి గాలికి ఊపు త్వరగా తగ్గిపోతుంది, 50 ఊపులు లెక్కపెట్టడం కష్టం. 20తో సరిపెట్టుకోండి.

1. రంధ్రం వేయించండి

పట్టీ ఒక చివర నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో, వెడల్పుకు సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, 8 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేయించండి. లోపలి అంచున గరుకు ఉంటే తీసేయమనండి. ఆ గరుకు మీద పట్టీ నిలిస్తే ఒక పక్కకు ఒరిగి ఊగుతుంది.

రంధ్రం వేసినందువల్ల పట్టీ బరువు తగ్గింది కదా, లెక్క తప్పదా అని అడుగుతారు. తప్పదు. పోయిన లోహం వేలాడే బిందువు దగ్గరే ఉంది కాబట్టి దాని ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ.

2. d కొలవండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పట్టీ రంధ్రం మధ్యలో వేలాడదు. రంధ్రం పై అంచు ఆకురాయి మీద కూర్చుంటుంది. కాబట్టి దూరం ఆ పై అంచు నుంచే కొలవాలి. రంధ్రం మధ్య చివర నుంచి 12 మిల్లీమీటర్లు, వ్యాసార్ధం 4. అంటే పై అంచు చివర నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. పట్టీ సగం 50.0 సెంటీమీటర్లు, అందులోంచి 0.8 తీసేస్తే `d = 49.2` సెంటీమీటర్లు.

ఇప్పుడు సూత్రంలో పెట్టండి. `L²/12` అంటే 10000ను 12తో భాగిస్తే 833.3. దాన్ని 49.2తో భాగిస్తే 16.9. దానికి 49.2 కలిపితే 66.1 సెంటీమీటర్లు. మనం వెతకబోయే సంఖ్య ఇదే, 66.7 కాదు. పట్టీ మీద సుద్దతో 66.1 దగ్గర, రంధ్రం పై అంచు నుంచి కొలిచి, ఒక గీత గీయండి.

మీ పట్టీ 99.6 ఉంటే 99.6తోనే లెక్క వేయండి. వెల్డింగ్ షాపు మీటరు ఎప్పుడూ మీటరు కాదు.

3. వేలాడదీయండి

డైనింగ్ టేబుల్ పనికిరాదు, పట్టీ నేలకు తగులుతుంది. వంటింటి సజ్జ మంచి చోటు. ఆకురాయిని సజ్జ అంచు నుంచి ఏడెనిమిది సెంటీమీటర్లు బయటికి వచ్చేలా పెట్టి, ఒక అంచు పైకి ఉండేలా తిప్పి క్లాంప్‌తో బిగించండి. సన్నని కొన వైపు బయటికి ఉండాలి, అప్పుడే రంధ్రంలో పక్కలకు తగలకుండా ఖాళీ ఉంటుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి ఆకురాయి పై అంచు సమంగా ఉందో లేదో చూడండి. కొన కిందికి వాలితే ఊగుతూ ఊగుతూ పట్టీ జారి కాలి మీద పడుతుంది. కిలో ఇనుము. చిన్నపిల్లలను దూరంగా ఉంచండి.

ఆకురాయి ఎందుకు, గోడకు మేకు కొడితే సరిపోదా? మొదటిసారి నేనూ మేకే కొట్టాను. సాయంత్రం దాకా కూర్చుంటే నాలుగు సార్లకు నాలుగు జవాబులు వచ్చాయి, ఏదీ 66 కాదు. తప్పు సూత్రంలో ఉందని నోటుబుక్కులో రెండు పేజీలు వెతికాను. అసలు సంగతి ఏమిటంటే, గుండ్రటి మేకు మీద రంధ్రం అంచు నిలకడగా ఉండదు. కాసేపు దొర్లుతుంది, కాసేపు జారుతుంది. దొర్లినప్పుడల్లా తాకే బిందువు పక్కకు కదిలి, `d` పెరిగినట్టు ప్రవర్తిస్తుంది. రంధ్రానికి మేకు ఎంత బిగుతుగా సరిపోతే ఈ గొడవ అంత ఎక్కువ. సన్నని అంచు మీద దొర్లడానికి చోటే లేదు.

ఫ్యాన్ ఆపేయండి. కిటికీ కూడా వేయండి.

4. ఊపండి, లెక్కపెట్టండి

పట్టీ కింది కొసను నిలువు స్థానం నుంచి 8 లేక 9 సెంటీమీటర్లు పక్కకు లాగి వదలండి. తోయకండి, ఊరికే వదిలేయండి. ఇది దాదాపు 5 డిగ్రీలు. పై సూత్రం చిన్న ఊపులకే చెల్లుతుంది. 5 డిగ్రీలకు తేడా వెయ్యిలో సగం వంతు, పట్టించుకోనక్కర్లేదు. అదే 20 డిగ్రీలు, అంటే కొసను 34 సెంటీమీటర్లు లాగితే ఆవర్తన కాలం ముప్పాతిక శాతం పెరుగుతుంది. ఊపు పెద్దదైతే బాగా కనిపిస్తుందని ఆశపడి చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

వదిలాక నాలుగైదు ఊపులు పోనివ్వండి. పట్టీ మెలితిరగకుండా ఒకే తలంలో ఊగుతోందని చూసుకోండి. ఆ తర్వాత స్టాప్‌వాచ్ నొక్కాల్సింది పట్టీ మధ్య స్థానం దాటుతున్నప్పుడు, కొసల దగ్గర ఆగినప్పుడు కాదు. కొస దగ్గర అది ఎప్పుడు ఆగిందో కన్ను చెప్పలేదు. మధ్యలో వేగంగా దాటుతుంది కాబట్టి ఆ క్షణం స్పష్టంగా తెలుస్తుంది. వెనక గోడ మీద పెన్సిల్‌తో నిలువు గీత గీసి పెట్టుకుంటే ఇంకా సులువు.

నొక్కేటప్పుడు నోటితో "సున్నా" అనండి. "ఒకటి" అనకండి. పట్టీ మళ్ళీ అదే గీతను అదే దిక్కుగా దాటినప్పుడు "ఒకటి". అలా "యాభై" దగ్గర ఆపండి. మూడు సార్లు చేయండి.

ఇరవై సరిపోదా అంటే, మన వేలు 0.1 సెకను అటూ ఇటూ అవుతుంది. 20 ఊపుల మీద ఆ తప్పు పొడవులో 4 మిల్లీమీటర్లుగా తేలుతుంది. 50 మీద అయితే ఒకటిన్నర మిల్లీమీటరే.

5. పొడవు రాబట్టండి

నాకు వచ్చిన మూడు కొలతలు 81.6, 81.8, 81.7 సెకన్లు. సగటు 81.7. 50తో భాగిస్తే `T = 1.634` సెకన్లు. ఇప్పుడు వెనక్కి:

```
l = g T² / (4π²)
  = 9.78 × 2.670 / 39.48
  = 0.661 మీ
```

66.1 సెంటీమీటర్లు. సుద్ద గీత ఉన్న చోటే.

`g` విలువ 9.8 కాకుండా 9.78 ఎందుకు వేశానో గమనించారు కదా. హైదరాబాద్ భూమధ్యరేఖకు దగ్గర, పైగా సముద్ర మట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉంది. రెండూ `g`ని తగ్గించేవే. 9.81 వేస్తే జవాబు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇంత జాగ్రత్తగా కొలిచాక ఆ 2 మిల్లీమీటర్లు ఎందుకు వదులుకోవాలి?

మీ జవాబు 66.1 రాకపోతే

ఎంత వచ్చిందో చూస్తే ఏ తప్పు జరిగిందో చాలాసార్లు తెలిసిపోతుంది. 63.5 ప్రాంతంలో వస్తే మీరు "ఒకటి" అంటూ మొదలుపెట్టారు, నిజానికి 49 ఊపులే కొలిచారు. 68.8 వస్తే ఒక ఊపు ఎక్కువ కొలిచారు. 16.5 వస్తే పట్టీ గీతను దాటిన ప్రతిసారీ, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, లెక్కపెట్టారు. సమయం సగమైతే పొడవు నాలుగో వంతు అవుతుంది.

ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంటే మాత్రం లెక్కను అనుమానించకండి, ఆకురాయిని చూడండి. క్లాంప్ వదులైతే పట్టీతో పాటు అదీ కదులుతుంది. వేలితో పట్టుకుని చూస్తే ఆ కదలిక తెలుస్తుంది.

కొలత 81.7 సెకన్లు సరిగ్గానే వచ్చినా, 66.7 రాలేదని బాధపడి కొలత దిద్దిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళ పట్టీ సరిగ్గా చివర వేలాడలేదు, అంతే. చివరే వేలాడి ఉంటే 50 ఊపులకు 82.0 సెకన్లు పట్టేది. ఆ 0.3 సెకను తేడా రంధ్రం 8 మిల్లీమీటర్లు లోపలికి ఉన్నందుకు.

6. దారంతో సరిచూడండి

ఇందులో స్టాప్‌వాచ్ అక్కర్లేదు. నట్టును దారానికి కట్టి, పట్టీ వేలాడే ఎత్తులోనే దాని పక్కన, ఒక జానెడు దూరంలో వేలాడదీయండి. దారం పట్టుకున్న చోటి నుంచి నట్టు మధ్య వరకు 66.1 సెంటీమీటర్లు ఉండాలి. నట్టు పై అంచు వరకు కొలిస్తే తప్పు. నైలాన్ దారం వద్దు, సాగుతుంది.

ఒక స్కేలును అడ్డంగా, నట్టు ఎత్తులో పెట్టి, పట్టీనీ నట్టునూ కలిపి 5 లేక 6 సెంటీమీటర్లు వెనక్కి నెట్టి, స్కేలు చటుక్కున తీసేయండి. రెండూ ఒకే కోణంతో బయలుదేరతాయి. ఇక కూర్చుని చూడండి. కిలో బరువున్న పట్టీ, పిడికెడు కూడా లేని నట్టు, జంట ఎడ్లలా కలిసి వెళ్ళి కలిసి వస్తాయి. నట్టు ఊపు గాలికి ముందు తగ్గుతుంది గానీ అడుగు తప్పదు.

నట్టు ముందుకు పోతుంటే దారం పొట్టిదైంది, వెనకబడితే పొడుగైంది. ఒక్క సెంటీమీటరు తేడా ఉన్నా 20 ఊపులకల్లా కంటికి దొరుకుతుంది, 66 ఊపులకు పట్టీ అటు పోతుంటే నట్టు ఇటు వస్తుంది. దారాన్ని యాభై సెంటీమీటర్లకు కుదించి కూడా ఒకసారి చూడండి, గరిమనాభి దూరమే సమాన పొడవు అనుకునే వాళ్ళు మరీ ముఖ్యంగా. పది ఊపులైనా కలిసి ఉండవు.

ఎందుకు యాభై కాదు? పట్టీ బరువంతా మధ్యలోనే ముద్దగా ఉంటే యాభయ్యే అయ్యేది. కానీ పట్టీ ఊగేటప్పుడు తిరుగుతోంది కూడా. కింది సగం దూరంగా ఉండి, వేగంగా కదలాలి కాబట్టి మొత్తాన్ని నెమ్మదింపజేస్తుంది. `L²/(12 d)` అనే ముక్క ఆ తిరుగుడుకు కట్టే కప్పం.

7. పిండి ముద్దతో సరిచూడండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది. వంద గ్రాముల చపాతీ పిండిని గట్టిగా కలిపి, పట్టీకి రెండు వైపులా సమంగా అంటించండి. ముద్ద మధ్య భాగం సరిగ్గా సుద్ద గీత మీద ఉండాలి. 50 ఊపులు కొలవండి.

81.7 సెకన్లే వస్తుంది. పట్టీ బరువులో పదో వంతు అదనంగా తగిలించినా ఆవర్తన కాలం కదలలేదు.

ఇప్పుడు ముద్దను తీసి కింది కొసకు 3 సెంటీమీటర్ల పైన అంటించండి. దాదాపు 84.7 సెకన్లు పడుతుంది. తర్వాత దాన్ని పైకి, రంధ్రం అంచు నుంచి 33 సెంటీమీటర్ల దగ్గరకు మార్చండి. 80.4 ప్రాంతానికి దిగుతుంది. గీతకు కింద పెడితే నెమ్మది, పైన పెడితే చురుకు, గీత మీద పెడితే ఏ మార్పూ లేదు. కారణం దారం పరీక్షలోనే చూశారు. ముద్దను ఒంటరిగా 66.1 సెంటీమీటర్ల దారానికి కట్టినా అది పట్టీ వేగంతోనే ఊగేది. ఒకే లయ ఉన్న రెండింటిని కలిపి కట్టినప్పుడు ఒకదాన్ని ఇంకొకటి లాగాల్సిన అవసరం లేదు.

పిండి ఆరిపోయి ఊడక ముందే మూడు కొలతలూ పూర్తి చేయండి. మా ఇంట్లో ఆ ముద్దను మళ్ళీ చపాతీలకు వాడనివ్వలేదు.

8. తిరగేసి వేలాడదీయండి (ఓపిక ఉంటేనే)

డ్రిల్లు మళ్ళీ దొరికితే ఇంకో రంధ్రం వేయించండి. దాని మధ్య, మొదటి రంధ్రం ఉన్న చివర నుంచి 66.5 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. పట్టీని తలకిందులు చేసి ఈ రంధ్రంతో వేలాడదీస్తే, అప్పుడు ఆకురాయి మీద కూర్చునే అంచు పాత చివర నుంచి 66.9లో ఉంటుంది. రెండు అంచుల మధ్య దూరం మళ్ళీ 66.1. ఆవర్తన కాలం మునుపటిదే. ఇప్పుడు పట్టీలో మూడో వంతు ఆకురాయికి పైన ఉంటుంది కాబట్టి సజ్జకు రాసుకోకుండా చూసుకోండి.

వేలాడే బిందువూ సుద్ద గీత ఉన్న బిందువూ ఒకదాని స్థానం ఒకటి తీసుకోవచ్చని హైగెన్స్ 1673లో అచ్చైన గడియారాల పుస్తకంలో నిరూపించాడు. 1817లో లండన్‌లో హెన్రీ కేటర్ దాన్నే తిప్పి వాడుకున్నాడు. రెండు వైపులా ఒకే కాలం వచ్చేలా లోలకాన్ని సర్ది, అంచుల మధ్య దూరం కొలిచి, `g`ని కచ్చితంగా రాబట్టాడు. అలా చేస్తే గరిమనాభి ఎక్కడుందో, జడత్వ భ్రామకం ఎంతో తెలియక్కర్లేదు.

ఈ రంధ్రం విషయంలో ఒక హెచ్చరిక. మొదటి రంధ్రం 1 మిల్లీమీటరు తప్పితే సమాన పొడవు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులే మారుతుంది. రెండోది 1 మిల్లీమీటరు తప్పితే 2 మిల్లీమీటర్లు మారుతుంది. గరిమనాభికి దగ్గరయ్యే కొద్దీ ఈ లెక్క మొండికేస్తుంది. కాబట్టి రెండో వైపు 81.4 వచ్చినా 82.0 వచ్చినా ముందుగా రంధ్రాన్నే కొలవండి.

పట్టీ కాకుండా ఇంకేదైనా అయితే

పరదా పైపు, నీళ్ళ పైపు, గుండ్రటి కడ్డీ, అన్నింటికీ ఇదే లెక్క సరిపోతుంది. మందం పొడవుతో పోలిస్తే చిన్నదైతే చాలు. పైపు చివర ప్లాస్టిక్ మూత ఉంటే తీసేయండి. క్రికెట్ బ్యాట్, ఒక వైపు పొన్ను వేసిన కర్ర లాంటివి మాత్రం ఈ మూడింట రెండు వంతులకు లొంగవు, వాటి బరువు ఒకే తీరుగా పరుచుకుని ఉండదు. అలాంటి వాటికి 2వ మెట్టు వదిలేసి, 4, 5 మెట్లతో `l`ని నేరుగా కొలవండి. ఆ తర్వాత దారం కట్టి చూడండి. బ్యాట్ పక్కన నట్టు అడుగు తప్పకుండా నడిచిందంటే మీ కొలత సరైనదే.